నా రిపోర్టూ మా ఆవిడ రిపోర్టూ: మగవాళ్లకీ మెనోపాజ్ ఉంటుందా?

నాకు యాభై మూడేళ్లు. బ్యాంకు ఉద్యోగం, విజయవాడలో కాపురం, ఎత్తు 168 సెంటీమీటర్లు, ఈ వ్యవహారం మొదలైనప్పుడు బరువు 91 కిలోలు, నడుము చుట్టుకొలత 104. బరువూ నడుమూ ముందే చెప్పేస్తున్నాను ఎందుకంటే తర్వాత వీటితో పని ఉంది.

ఒక రెండేళ్ల నుంచి నాకు ఒకటే నీరసం. రాత్రి పదింటికి పడుకుని ఆరింటికి లేచినా నిద్రపోయినట్టు ఉండేది కాదు, మధ్యాహ్నం రీజినల్ ఆఫీసు వాళ్ల వీడియో మీటింగులో కళ్లు మూతలు పడేవి, ఇంట్లో చిన్న మాటకే చిరాకు. ఇంకోటి కూడా ఉంది, మనవాళ్లు బయటికి చెప్పుకోరు కానీ చెప్పకపోతే ఈ అనుభవం రాయడంలో అర్థం లేదు: కోరిక బాగా తగ్గిపోయింది. పొద్దున నిద్ర లేచేసరికి మగవాళ్లకి సహజంగా ఉండే గట్టిదనం ఎప్పటి నుంచి పోయిందో కూడా గుర్తులేదు.

మా బ్రాంచిలో ఒకాయన పది ప్రశ్నలున్న పేపరు ఒకటి ఫోన్‌కి పంపాడు. ఏడీఏఎం అంటారు దాన్ని, అమెరికాలో వయసు మళ్లిన మగవాళ్లలో హార్మోను లోపాన్ని పసిగట్టడానికి తయారు చేసినది. కోరిక తగ్గిందా, ఓపిక తగ్గిందా, ఎత్తు తగ్గారా, బతుకులో హుషారు తగ్గిందా, భోజనం చేశాక నిద్ర వస్తోందా, పనిలో వెనకబడుతున్నారా, ఇలా సాగుతాయి. కోరిక గురించీ అంగస్తంభన గురించీ అడిగే రెండు ప్రశ్నల్లో ఒక్కదానికి అవునన్నా, మిగతావాటిలో ఏ మూడింటికి అవునన్నా మీరు అనుమానితులే. నాకు ఆరు వచ్చాయి. సరదాకి లంచ్ టేబుల్ దగ్గర మావాళ్లందరినీ అడిగాను, క్లోజింగ్ నెలలో మరి, నలభై దాటినవాడు ఒక్కడూ తప్పించుకోలేదు. మార్చి నెలాఖరులో బ్యాంకు ఉద్యోగిని "ఓపిక తగ్గిందా" అని అడిగితే ఏం చెబుతాడు! లోపం ఉన్నవాళ్లని ఈ పేపరు దాదాపుగా వదిలిపెట్టదు, నిజమే, కానీ లేనివాళ్లని కూడా బోలెడుమందిని పట్టుకుంటుంది.

ఆ ఊపులో ల్యాబు వాళ్ల ప్యాకేజీ ఒకటి బుక్ చేశాను, నలభై దాటిన మగవాళ్ల కోసం అట. రక్తం తీసే కుర్రాడు ఆఫీసు అయ్యాక ఇంటికి వచ్చాడు. అప్పటికి సాయంత్రం, నాలుగింటికి పునుగులు తిని టీ తాగి ఉన్నాను. తిన్నారా అని అతను అడగలేదు, అడగాలని నాకూ తెలియదు. మర్నాడు రిపోర్టు వచ్చింది. మగవాళ్ల హార్మోను టెస్టోస్టిరాన్ ఉంది కదా, దాని టోటల్ 228, పక్కన ఎర్రగా "ఎల్" అక్షరం. ఆ ల్యాబు వాళ్ల కింది హద్దు 280. కొలత డెసిలీటరు రక్తానికి నానోగ్రాముల్లో.

తర్వాత రెండు రోజుల్లోనే ఒక క్లినిక్ నుంచి ఫోన్. పేరు అనవసరం, మగవాళ్ల సమస్యలకి మాత్రమే అని బోర్డు పెట్టుకున్న చోటు. అక్కడ డాక్టరు గదిలోకి పోకముందే కౌన్సెలర్ అనే అబ్బాయి కూర్చోబెట్టి, "మేడమ్ గారికి మెనోపాజ్ వచ్చినట్టే మీకు ఆండ్రోపాజ్ వచ్చింది సార్, ఆగిపోయిన హార్మోను బయట నుంచి ఇచ్చేస్తే పదేళ్లు వెనక్కి వెళ్తారు" అన్నాడు. మూడు వారాలకో టెస్టోస్టిరాన్ ఇంజెక్షను, ఆరు నెలల ప్యాకేజీ, ముందే కడితే తగ్గింపు. ఇంట్లో అడిగి చెబుతానని లేచి వచ్చేశాను.

ఇంట్లో అడగడమంటే మా ఆవిడని అడగడమే కదా. ఆ విషయంలో ఆమె నాకంటే చాలా ముందుంది. నలభై ఒకటో ఏట ఆమెకి గర్భసంచి తీసేశారు, అండాశయాలు మాత్రం ఉంచారు. అందుకని నెలసరి ఆగిందా లేదా అన్న లెక్క ఆమెకి వర్తించదు. నలభై తొమ్మిదో ఏట రాత్రిళ్లు ఒళ్లంతా ఆవిర్లు పట్టి, ఏసీ పద్దెనిమిదిలో పెట్టినా చెమటతో జాకెట్టు తడిసిపోయేది. గైనకాలజిస్టు ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోను పరీక్ష రాసింది. మామూలుగా ఆ వయసులో ఆ పరీక్ష అక్కర్లేదట, గర్భసంచి లేదు కాబట్టి రాశారు. అది 68 వచ్చింది. ఈస్ట్రోజన్ అడుగంటింది.

నేను క్లినిక్ అబ్బాయి మాటలు చెప్పగానే ఆమె లేచి బీరువాలోంచి ఆ పాత ఫైలు తీసి, "ఏమండీ, నాకు రెండు రకాల అంకెలు చూశారు, మీకు ఒక్కటే చూసి చెప్పేశారేంటి?" అంది. ఆ ప్రశ్నలోనే సగం ఎండోక్రైనాలజీ ఉందని నాకు తర్వాత తెలిసింది.

హార్మోన్ల డాక్టరు గారి దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్లాం. పెద్దావిడ, నిదానంగా మాట్లాడే మనిషి. నా 228 చూసి మొదట అడిగిన మాట, "రక్తం ఎన్నింటికి ఇచ్చారు, ఏం తిన్నారు?" సాయంత్రం పునుగులని చెబితే రిపోర్టు మడిచి పక్కన పెట్టేసింది. టెస్టోస్టిరాన్ తెల్లవారుజామున నిద్రలో పెరిగి పొద్దున పూట ఎక్కువగా ఉంటుంది, సాయంత్రానికి తగ్గుతుంది. తినగానే ఇంకా తగ్గుతుంది, గ్లూకోజు తాగించి చూస్తే పావు వంతు దాకా పడిపోయిన సందర్భాలున్నాయి. జ్వరంలో, పెద్ద జబ్బు చేసినప్పుడు కూడా పడిపోతుంది. అందుకే పొద్దున, పరగడుపున, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చూసి రెండుసార్లూ తక్కువుంటేనే తక్కువ అనాలి. ల్యాబు పెట్టుకున్న హద్దు కూడా ల్యాబుని బట్టి మారుతుందట. అమెరికన్ ఎండోక్రైన్ సొసైటీ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆరోగ్యంగా ఉన్న యువకుల కింది హద్దు 264, అక్కడి యూరాలజిస్టుల సంఘం 300 అంటుంది.

అప్పుడు మా ఆవిడ తన ప్రశ్న అడిగింది, మెనోపాజ్‌లాంటిదే ఇదీనా అని. డాక్టరు గారు మా ఇద్దరి ఫైళ్లూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి చెప్పింది. ఆమె చెప్పింది నాకు అర్థమైన భాషలో రాస్తాను.

మన మేడ మీద నీళ్ల ట్యాంకూ కింద మోటారూ ఉంటాయి కదా, ట్యాంకులో నీరు తగ్గితే సెన్సరు పట్టుకుని మోటారు ఆన్ అవుతుంది, నిండితే ఆగుతుంది. ఇక్కడ మోటారు మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి. అది ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లతో ఆడవాళ్లలో అండాశయాల్ని, మగవాళ్లలో వృషణాల్ని పనిచేయిస్తుంది. మెనోపాజ్‌లో అండాశయాల్లో అండాల నిల్వ అయిపోతుంది. మోటారు ఎంత తిరిగినా ట్యాంకులోకి నీరు రాదు, అందుకే అది ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. మా ఆవిడ ఎఫ్‌ఎస్‌హెచ్ 68 అంటే అదే. ఇది ప్రతి ఆడమనిషికీ జరుగుతుంది, కొన్నేళ్ల వ్యవధిలోనే జరిగిపోతుంది, తర్వాత మళ్లీ వెనక్కి రాదు.

మగవాళ్లలో ఆ అయిపోయే నిల్వ అనేదే లేదు. వృషణాలు డెబ్భైలో, ఎనభైలో కూడా పనిచేస్తూనే ఉంటాయి, కాస్త మందంగా. ముప్ఫై నలభై మధ్య ఎక్కడో మొదలై టోటల్ టెస్టోస్టిరాన్ ఏడాదికి సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతుంది. వయసుతో పాటు రక్తంలో ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్ పెరుగుతుంది, అది టెస్టోస్టిరాన్‌ని గట్టిగా పట్టుకుని ఉంచుతుంది కాబట్టి విడిగా తిరిగే హార్మోను ఇంకొంచెం వేగంగా తగ్గుతుంది. అంతే. ఒక తేదీ అంటూ ఉండదు, ఫలానా ఏడాది ఆగింది అనడానికి ఉండదు, చాలామంది హద్దు కిందికి ఎప్పటికీ రారు. "వయసు తగ్గుదల అందరికీ ఉంటుంది, దానికి మందు లేదు, అక్కర్లేదు. జబ్బు కొద్దిమందికే ఉంటుంది, దాన్ని వెతికి పట్టుకోవాలి. మీకు ఆ రెండూ కాని మూడోది ఉందేమోనని నా అనుమానం" అంది నా పొట్ట వైపు చూసి.

ఆండ్రోపాజ్ అనేది అసలు ఉందా అని గట్టిగా అడిగితే ఆమె యూరప్‌లో చేసిన ఒక పెద్ద పరిశీలన గురించి చెప్పింది, 2010లో వచ్చింది, నేను ఇంటికొచ్చి చదువుకున్నాను. ఎనిమిది చోట్ల నలభై నుంచి డెబ్భై తొమ్మిదేళ్ల వరకు ఉన్న 3,369 మంది మగవాళ్లని తీసుకుని, హార్మోను లోపం వల్ల అని మనం అనుకునే ముప్ఫై రెండు లక్షణాల్ని రక్త పరీక్షలతో పోల్చి చూశారు. వాటిలో హార్మోనుతో కలిసి ఒక గుంపుగా వచ్చేవి మూడే తేలాయి: పొద్దున పూట అంగస్తంభన తగ్గడం, కోరిక తగ్గడం, కలయికలో అంగస్తంభన సరిగా లేకపోవడం. ఈ మూడూ ఉండి, రక్తంలో టోటల్ టెస్టోస్టిరాన్ సుమారు 320 కన్నా తక్కువ ఉండి, విడి టెస్టోస్టిరాన్ కూడా తక్కువ ఉంటేనే లెక్కలోకి తీసుకుంటే మొత్తం మీద నూటికి ఇద్దరు తేలారు. నా వయసు వాళ్లలో, అంటే యాభైల్లో, ఒక శాతం కూడా లేరు. డెబ్భైల్లో నూటికి ఐదుగురు. కాబట్టి వయసు మీద పడ్డాక వచ్చే నిజమైన లోపం ఒకటుంది, కాదనడానికి లేదు, కానీ అది ప్రతి మగాడికీ వచ్చే దశ మాత్రం కాదు. నీరసం, చిరాకు, నిద్రమత్తు ఉన్నవాళ్లందరినీ ఆ పేరు కింద తోసేస్తే వ్యాపారానికి బాగుంటుంది.

మోటారుని చూసి చెప్పే ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1944లోనే అమెరికాలో హెల్లర్, మయ్యర్స్ అనే ఇద్దరు డాక్టర్లు నాలాంటి లక్షణాలున్న మగవాళ్ల మూత్రంలో పిట్యూటరీ హార్మోన్లు కొలిచారు. అవి బాగా పెరిగి ఉన్నవాళ్లకి టెస్టోస్టిరాన్ ఇస్తే బాగుపడ్డారు, మామూలుగా ఉన్నవాళ్లకి ఇస్తే ఏమీ కాలేదు. ఎనభై ఏళ్ల కిందటే ఆ తేడా తెలిసి, ఇప్పుడు నాకు ఇంజెక్షన్ల ప్యాకేజీ అమ్మబోయినవాడు ఆ పరీక్ష చేయించలేదు చూశారా, నాకు కోపం వచ్చింది అక్కడే.

సరే, నా పరీక్షలు. పొద్దున ఏడున్నరకి, పరగడుపున, ఒక వారం తేడాతో రెండుసార్లు రక్తం ఇచ్చాను. మొదటిసారి 311, రెండోసారి 296. సాయంత్రం పునుగులకీ దీనికీ ఎంత తేడానో చూడండి. అయినా ఇది నిక్షేపంగా ఉంది అనే అంకె కాదు, సరిగ్గా గట్టు మీద కూర్చున్న అంకె. ఇలాంటప్పుడే ఎస్‌హెచ్‌బీజీ చూడాలట. అది నాకు 18 మాత్రమే ఉంది, నా వయసుకి చాలా తక్కువ. పొట్ట చుట్టూ కొవ్వు, ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువ ఉన్నవాళ్లలో లివరు ఈ ప్రొటీన్‌ని తక్కువ తయారు చేస్తుంది. పట్టుకునే ప్రొటీన్ తక్కువైతే టోటల్ అంకె కిందికి దిగుతుంది, కానీ పని చేసే విడి హార్మోను అంతగా తగ్గదు. టోటల్, ఎస్‌హెచ్‌బీజీ, ఆల్బుమిన్ మూడూ వేసి లెక్క కడితే నా విడి టెస్టోస్టిరాన్ లీటరుకి 275 పికోమోల్స్ వచ్చింది. ఆ యూరప్ పరిశీలనలో లోపం అనడానికి పెట్టుకున్న హద్దు 220. అంటే హద్దుకి పైనే ఉన్నాను. ఒక జాగ్రత్త చెప్పాలి: కొన్ని ల్యాబులు "ఫ్రీ టెస్టోస్టిరాన్" అని నేరుగా కొలిచి ఇచ్చే చవక పద్ధతిని నమ్మొద్దని, ఇలా లెక్క కట్టిందే నమ్మమని ఆమె గట్టిగా చెప్పింది.

ఎల్‌హెచ్ 5.1 వచ్చింది. సాధారణమే. మా ఆవిడ ఫైల్లో ఉన్నట్టు మోటారు ఆగకుండా తిరగడమన్నది నాలో లేదు. ఇక్కడితో ఊపిరి పీల్చుకున్నాను కానీ డాక్టరు గారు ఊరుకోలేదు. టెస్టోస్టిరాన్ నిజంగా తక్కువుండి ఎల్‌హెచ్ పెరగకపోతే మోటారే చెడిపోయి ఉండొచ్చు కదా, అందుకని పిట్యూటరీలోనే తయారయ్యే ప్రొలాక్టిన్ అనే ఇంకో హార్మోను, థైరాయిడ్, ఐరన్ కూడా చూపించింది. నాకు అవన్నీ బాగానే ఉన్నాయి.

బాగా లేనిది వేరే ఉంది. హెచ్‌బీఏ1సీ 7.2. అంటే షుగరు వచ్చేసింది, ఎప్పటి నుంచో తెలియదు, ఆ ప్యాకేజీ వాళ్లు అది కూడా చూశారు నిజానికి, 7 పైన ఉందని రిపోర్టు ఆరో పేజీలో ఉంది, టెస్టోస్టిరాన్ అంత ఎర్రగా కనపడలేదు అంతే. హెమటోక్రిట్ 49.5, అంటే రక్తం కొంచెం చిక్కగా ఉంది. అది చూసి డాక్టరు గారు నన్ను కాకుండా మా ఆవిడని అడిగింది, "రాత్రిళ్లు గురక పెడతారా?" అని. "గురకైతే ఫరవాలేదండీ, మధ్యలో ఆగిపోతుంది, అప్పుడే నాకు భయం. కాసేపటికి ఎగశ్వాసతో మళ్లీ మొదలవుతుంది" అంది మా ఆవిడ. ఆ సంగతి నాకు తెలీదు. పడుకున్నవాడికి ఎలా తెలుస్తుంది.

ఇంట్లోనే పెట్టుకునే నిద్ర పరీక్ష ఉంది. వేలికి ఒకటి, ముక్కు దగ్గర ట్యూబు, ఛాతీకి బెల్టు కట్టుకుని పడుకోవడమే. గంటకి సగటున 31 సార్లు ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో జరుగుతోందని తేలింది. ముప్ఫై దాటితే తీవ్రమైన స్లీప్ అప్నియా కింద లెక్క. ఇప్పుడు వెనక్కి వెళ్లి నా లక్షణాలు చూడండి. నిద్ర పట్టినా అలసట, మీటింగులో కునుకు, చిరాకు, ఇవన్నీ గొంతు దగ్గర నుంచి వచ్చినవి. టెస్టోస్టిరాన్ పెరిగేదే నిద్రలో, ఆ నిద్ర గంటకి ముప్ఫైసార్లు తెగిపోతుంటే అది మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది. పైగా పొట్టలోని కొవ్వు కొంత టెస్టోస్టిరాన్‌ని ఈస్ట్రోజన్‌గా మార్చేస్తుంది, దాన్ని చూసి పిట్యూటరీ సరిపడా ఉందనుకుని నెమ్మదిస్తుంది. షుగరు రక్తనాళాల్ని దెబ్బతీస్తే అంగస్తంభన సంగతి చెప్పక్కర్లేదు. ఆమె అన్న మూడోది ఇదన్నమాట: వయసూ కాదు, హార్మోను జబ్బూ కాదు, వేరే జబ్బులు హార్మోనుని కిందికి లాగడం.

ఆ క్లినిక్‌లో ఇంజెక్షను వేయించుకుని ఉంటే ఏమయ్యేదని అడిగాను. టెస్టోస్టిరాన్ ఎర్ర రక్తకణాల్ని పెంచుతుంది. అప్పటికే 49.5 ఉన్న హెమటోక్రిట్ 54 దాటితే ఇస్తున్న మందు కూడా ఆపాల్సిందే, రక్తం గడ్డకట్టే భయం. వైద్యం చేయని తీవ్రమైన స్లీప్ అప్నియా ఉన్నవాళ్లకి మొదలుపెట్టొద్దని మార్గదర్శకాల్లోనే ఉంది. ఇంకో సంగతి, బయట నుంచి హార్మోను పోస్తే ట్యాంకు నిండిందనుకుని మోటారు ఆగిపోతుంది, వృషణాలు సొంత పని మానేస్తాయి, వీర్యకణాల తయారీ సున్నాకి కూడా పడిపోవచ్చు. నాకు పిల్లలు పెద్దవాళ్లయ్యారు కాబట్టి నష్టం లేదు గానీ, పెళ్లి కావాల్సిన జిమ్ కుర్రాళ్లు కండల కోసం ఇవే పొడిపించుకుంటున్నారు. ఆపితే చాలామందికి మళ్లీ మొదలవుతుంది, నెలలు పడుతుంది, కొందరికి ఏడాది పైనే.

మరి దీని వల్ల లాభం లేదా అంటే ఉంది, నిజంగా లోపం ఉన్నవాళ్లకి. అరవై అయిదు దాటి, అంకె 275 కన్నా తక్కువ ఉన్న 790 మంది మీద అమెరికాలో ఏడాది పాటు చేసిన ప్రయోగం 2016లో వచ్చింది. కోరికలోనూ అంగస్తంభనలోనూ ఒక మోస్తరు మెరుగు కనపడింది, ఓపిక విషయంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నీరసం పోతుందని అమ్మేవాళ్లకి ఇది గుర్తుచేయాలి. గుండె విషయంలో భయం చాలాకాలం ఉండేది, 2023లో అయిదు వేల మందికి పైగా మీద చేసిన పరీక్షలో గుండెపోటు, పక్షవాతం పెరగలేదని తేలింది, కానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు కొంచెం ఎక్కువగా కనపడ్డాయి. 2015లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ, వృషణాలో పిట్యూటరీయో మెదడో చెడి లోపం వచ్చినవాళ్లకే ఈ మందు, వయసు వల్ల తగ్గినదానికి కాదు అని లేబుల్ మీద రాయించింది.

ఇక్కడ మా పెద్దమ్మ కొడుకు సంగతి చెప్పకపోతే నా కథ ఒకవైపే చెప్పినట్టు అవుతుంది, చదివినవాళ్లు "ఓహో అంతా వ్యాపారమే" అనుకుంటారు. అన్నయ్యకి అప్పుడు నలభై ఏడు. మనిషి సన్నగానే ఉంటాడు, షుగరు లేదు, గురక లేదు. రోజూ గీసుకునే గడ్డం నాలుగు రోజులకోసారి చాలుతోందని నవ్వుతూ చెప్పేవాడు. ఛాతీ దగ్గర చొక్కా తగిలితే నొప్పి. కోరిక తగ్గడం కాదు, పూర్తిగా పోయింది. వాళ్ల ఊళ్లో చూపిస్తే, "వయసు కదండీ, బి కాంప్లెక్స్ వాడండి" అన్నారు. నా గొడవ విని మా డాక్టరు గారి దగ్గరికే వచ్చాడు. గడ్డం, ఛాతీ సంగతి వినగానే ఆమె మొహం మారింది. పొద్దున పరీక్షల్లో రెండుసార్లూ నూట ఇరవై లోపే, ఎల్‌హెచ్ దాదాపు అడుగున, ప్రొలాక్టిన్ వందల్లో. ఎమ్మారైలో పిట్యూటరీలో గడ్డ కనపడింది. క్యాన్సరు కాదు, ప్రొలాక్టిన్ తయారు చేసే రకం. కత్తి కూడా పెట్టలేదు, వారానికి రెండుసార్లు క్యాబర్గోలిన్ మాత్ర. గడ్డ చిన్నదయింది, ప్రొలాక్టిన్ దిగింది, టెస్టోస్టిరాన్ దానంతటదే లేచింది. నాకు జబ్బు కానిదాన్ని జబ్బన్నారు, ఆయనకి జబ్బుని వయసన్నారు. మా ఇద్దరికీ ఎల్‌హెచ్, ప్రొలాక్టిన్ కలిపి చేయించే పరీక్షల ఖర్చు ఆ ఇంజెక్షన్ల ప్యాకేజీలో పదో వంతు కూడా కాదు.

గడ్డం ఎదుగుదల తగ్గడం, ఒంటి మీద వెంట్రుకలు రాలడం, రొమ్ములు పెరగడం, వృషణాలు చిన్నవి కావడం, చిన్న దెబ్బకే ఎముక విరగడం, తలనొప్పి లేదా పక్కల చూపు తగ్గడం, ఇలాంటివి ఉంటే వయసు అని సర్దుకుపోవద్దని ఆమె మాట. చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చి వృషణాలు వాచినవాళ్లలో, ఏళ్ల తరబడి స్టెరాయిడ్లో మత్తు నొప్పి మందులో వాడినవాళ్లలో కూడా నిజమైన లోపం ఉంటుంది.

నా వైద్యమంతా టెస్టోస్టిరాన్ లేకుండానే జరిగింది. రాత్రి మొహానికి మాస్కు పెట్టి గాలి తోసే సీప్యాప్ మెషిన్. మొదటి రాత్రుళ్లు నరకం, ముక్కు ఎండిపోయేది, నిద్రలో నేనే పీకి పడేసేవాణ్ని, మా ఆవిడ లేచి మళ్లీ తగిలించేది. చిన్న సైజు మాస్కు, తేమ పెట్టే నీళ్ల డబ్బా మార్చాక అలవాటైంది. మీటింగుల్లో కునుకు కొన్ని వారాల్లోనే పోయింది, హార్మోను ఒక్క అంకె మారకముందే. షుగరుకి మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టారు. రాత్రి అన్నం మానేసి పుల్కా, కూర, పొద్దున ఇడ్లీతో పాటు గుడ్డు, సాయంత్రం కెనాల్ రోడ్డు వెంట నడక, తర్వాత ఇంట్లోనే డంబెల్స్. ఏడాదికి బరువు 80కి వచ్చింది. తగ్గిన బరువు బట్టే టెస్టోస్టిరాన్ పెరుగుతుందని, రెండు మూడు కిలోలకి పెద్దగా తేడా రాదని, పదిహేను శాతం దాకా తగ్గినవాళ్లలో బాగా కనపడుతుందని డాక్టరు గారు ముందే చెప్పింది. నాది పన్నెండు శాతం.

ఏడాది తర్వాత పొద్దున పరీక్షలో టోటల్ 388, ఎస్‌హెచ్‌బీజీ 27, హెచ్‌బీఏ1సీ 6.3, హెమటోక్రిట్ 46. విడి టెస్టోస్టిరాన్ లెక్క కడితే 275 నుంచి సుమారు 306. చూశారా, టోటల్ దాదాపు తొంభై పెరిగితే విడిది పెరిగింది కొంచెమే. టోటల్ ఎంత మోసం చేస్తుందో అప్పుడు బాగా అర్థమైంది. ఇరవై అయిదేళ్ల వయసులో నాకు ఎంత ఉండేదో ఎవరూ కొలవలేదు, ఇంతకంటే ఎక్కువే ఉండి ఉంటుంది, అది తిరిగి రాదు, రావాలని కూడా ఎవరూ ప్రయత్నించడం లేదు.

అన్నీ బాగైపోలేదు. పొద్దున పూట సంగతి చాలావరకు తిరిగొచ్చింది, కోరిక మునుపటికంటే నయం, కానీ అంగస్తంభన ఇంకా అన్నిసార్లూ నమ్మదగ్గది కాదు. ఇది రక్తనాళాల వ్యవహారం, హార్మోనుది కాదని, ముందు గుండె పరీక్షలు చేయించి, అవసరమైనప్పుడు వేసుకోవడానికి టాడాలాఫిల్ మాత్ర రాసింది డాక్టరు గారు. మళ్లీ ఏడాదికి పొద్దున పరీక్ష ఉంది. అప్పుడు రెండుసార్లూ 264 కిందికి దిగి, లక్షణాలు కూడా ఉంటే టెస్టోస్టిరాన్ గురించి మాట్లాడుకుందాం, ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్ఏ, హెమటోక్రిట్ ముందు చూసి, మూడు నుంచి ఆరు నెలల్లో మళ్లీ చూసి, అంది. ఆ క్లినిక్ నుంచి ఇప్పటికీ పండగ ఆఫర్ల మెసేజీలు వస్తుంటాయి. ఈమధ్య వచ్చినదానికి మా ఆవిడే జవాబు పెట్టింది: "మా వారి ఎల్‌హెచ్ ఎంతో మీ దగ్గరుందా అండీ?" అని. ఇంకా సమాధానం రాలేదు.